ఓపెన్ బుక్ పరీక్షకు అరువు షీటు ఎందుకయ్యా?

మా అన్నయ్య కొడుకు ఇప్పుడే పరీక్ష రాసి వచ్చాడు. సివిల్ ఇంజనీరింగ్, కాంక్రీటు డిజైన్ పేపరు, ఓపెన్ బుక్. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు నిబంధనలుండే IS 456 కోడు పుస్తకం తీసుకెళ్లవచ్చు, చేత్తో రాసుకున్న ఒక A4 కాగితం కూడా తీసుకెళ్లవచ్చు. ఇంతకంటే ఉదారంగా ఎవరు పరీక్ష పెడతారు? వాడు మాత్రం చెప్పులు విడుస్తూనే, "అన్నీ పుస్తకంలోనే ఉన్నాయి బాబాయ్, దొరకలేదంతే" అన్నాడు. అప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది.

ఏదీ నీ షీటు చూపించమన్నాను. చీమల బారులా రెండు వైపులా అక్షరాలు. ఎవరో సీనియర్ రాసుకున్న షీటు గ్రూపులో తిరిగితే, దాన్ని చూసి రాత్రంతా కూర్చుని దించుకున్నాడు. దస్తూరీ వాడిదే, బుర్రే వేరే వాళ్లది. సూత్రాలన్నీ ఉన్నాయి. పక్కనే తెరిచి ఉండే పుస్తకంలోని సూత్రాలను మళ్లీ కాగితం మీదికి దించుకోవడం ఏం తెలివి? దానికి తోడు మా వదిన, "పుస్తకం చేతికిచ్చాక ఇంక చదవడం దేనికి?" అని వారమంతా వాడికి వత్తాసు.

సరే, లెక్క ఏమిటో చూద్దాం. బీము వెడల్పు 300 మిల్లీమీటర్లు, ప్రభావక లోతు 450. M20 కాంక్రీటు, Fe415 ఉక్కు. మధ్యలో కింద 20 మి.మీ. కడ్డీలు నాలుగు. వాటిలో రెండింటిని మధ్యలోనే ఆపేశారు, మిగిలిన రెండే ఆధారం దాకా వెళ్తున్నాయి. ఆధారం దగ్గర షియర్, అంటే బీమును అడ్డంగా కోసే బలం, 120 కిలోన్యూటన్లు. 8 మి.మీ. రెండు కాళ్ల స్టిరప్పులు, అవే మన రింగులు, ఎంత దూరానికి ఒకటి వేయాలి?

మావాడు కోడులో కాంక్రీటు షియర్ బలం ఇచ్చే టేబుల్ 19 తీశాడు, శభాష్. నాలుగు కడ్డీలనూ లెక్కలో వేశాడు. ఉక్కు 0.93 శాతం వచ్చింది, కాంక్రీటు షియర్ బలం చదరపు మిల్లీమీటరుకు 0.60 న్యూటన్లని తేలింది. దాన్ని బట్టి కాంక్రీటే 81 కిలోన్యూటన్లు మోస్తుంది, రింగుల వాటా 39. ఎంత హాయి! కానీ అదే టేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంటుంది. మనం చూస్తున్న చోటు దాటి కనీసం ప్రభావక లోతంత దూరం కొనసాగే కడ్డీలనే లెక్కలోకి తీసుకోవాలని. మధ్యలో ఆపేసిన కడ్డీలు ఆధారం దగ్గరికి వచ్చి ఎలా సాయం చేస్తాయి నాయనా? రెండే కడ్డీలు తీసుకుంటే ఉక్కు 0.465 శాతం, బలం 0.46. కాంక్రీటు వాటా 62కు పడిపోతుంది, రింగుల వాటా 58కి ఎగబాకుతుంది.

ఇప్పుడు దూరం. వాడి 39తో లెక్క కడితే 418 మి.మీ. వస్తుంది, సరైన 58తో కడితే దాదాపు 280. వాడు 418ని అలాగే వదిలేయలేదు పాపం, గరిష్ఠ దూరం చూసుకున్నాడు. షీటులో "0.75d లేదా 450, ఏది తక్కువైతే అది" అని ఉంది. d అంటే ప్రభావక లోతు, 0.75d అంటే 337. కాబట్టి 335 అని వేసి, కింద రెండు గీతలు కొట్టి వచ్చాడు.

ఆ 450 ఎక్కడిదో తెలుసా? 1978 నాటి కోడుది! 2000లో వచ్చిన కోడు దాన్ని 300 చేసింది. ఒళ్లోనే ఉన్న పుస్తకంలో, 26.5.1.5 క్లాజులో, 300 అని అచ్చు వేసి ఉంది. వీడు పుస్తకాన్ని కాదని కాగితాన్ని నమ్మాడు. ఓపెన్ బుక్ పరీక్షలో కావాల్సిన పేజీ తెరవకుండా తప్పు రాసిన ఘనత మా వంశానికే దక్కింది.

షీటు అలా చేయరు. ముందు షీటు జోలికే పోకుండా, కోడు పుస్తకం ఒక్కటి పెట్టుకుని పాత లెక్కలు చేయాలి. చేస్తుంటే చెయ్యి ఎక్కడ ఆగిందో, ఏ పేజీ కోసం వెనక్కీ ముందుకీ తిప్పామో, అవి రాసుకోవాలి. షీటులోకి ఎక్కాల్సింది అవే. సూత్రం పుస్తకంలో ఉంటే దాని క్లాజు సంఖ్య చాలు, పక్కన అది ఎక్కడ ముంచుతుందో ఒక ముక్క. "షియర్: టేబుల్ 19, ఆగిపోయిన కడ్డీలు వద్దు. రింగులు: 40.4. ఆపై 26.5.1.5, 26.5.1.6 రెండూ చూడు." ఇంతే, రెండు వరుసలు. పుస్తకంలో నేరుగా దొరకనివి మాత్రం అంకెలతో సహా రాసుకోవాలి. Fe415కు పరిమిత మొమెంటు 0.138 fck b d², Fe500కు 0.133. కోడులో అనుబంధం G సూత్రమే ఇస్తుంది, ఈ అంకెలు మనమే రాబట్టుకోవాలి. పరీక్ష హాల్లో రాబట్టుకుంటూ కూర్చుంటే గంట కొట్టేస్తారు.

అన్నీ లెక్క నడిచే వరుసలో ఉండాలి. మొమెంటు, ఉక్కు, షియర్, కడ్డీ పట్టు పొడవు, చివరికి వంపు. పుస్తకం అధ్యాయాల వరుస మనకెందుకు? షీటు పూర్తయ్యాక కొత్త లెక్క ఒకటి గడియారం పెట్టుకుని చేస్తే దాని బండారం బయటపడుతుంది. షీటులో ఒక్కసారి కూడా కన్ను పడని వరుసను కొట్టేయాలి, వెతికినా దొరకని దానికి చోటివ్వాలి. ఆ తర్వాతే సాపు రాసుకోవాలి.

సాధన అంటే అదే లెక్కను పదేపదే చేయడం కూడా కాదు. పైన చెప్పిన బీమునే కాంటిలీవర్ చేసి చూడండి. లాగుడు పైకి వస్తుంది, కడ్డీలు పైకి పోవాలి, పొడవుకూ లోతుకూ ఉండే ప్రాథమిక నిష్పత్తి 20 నుంచి 7కు పడుతుంది. స్లాబుతో కలిసిన T బీము అనండి. మధ్యలో ఫ్లాంజి నొక్కుడు మోస్తుంది, నడిమి ఆధారం దగ్గర అదే ఫ్లాంజి లాగుడు వైపు పడి అక్కరకు రాకుండా పోతుంది, అక్కడ దీర్ఘచతురస్రపు బీములాగే లెక్క కట్టాలి. ప్రశ్నలో ఒక్క మాట మారితే షీటులో ఏ వరుసకు దూకాలో చేతికి తెలియాలి. పరీక్షలో అడిగేది అదే.

అయినా పిల్లలను అని ఏం లాభం? ఆ 450 ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మాకు ఈ సబ్జెక్టు చెప్పిన మహానుభావుడు క్లాసుకు పసుపు రంగు తిరిగిన నోట్సు తెచ్చేవారు. ఆయన చదివేవారు, మేము రాసేవాళ్లం. కోడు మారిందండీ అని నేను లేచి అంటే, "నువ్వు నాకు పాఠం చెబుతావా?" అని ఇంటర్నల్ మార్కుల్లో కోత పెట్టారు. ఇవాళ మావాడి షీటులో కనీస రింగుల సూత్రం చూశాను. 0.4 కింద 0.87fy ఉండాల్సిన చోట ఉత్త fy ఉంది. అదీ పాత కోడుదే, అదీ ఆ నోట్సులోదే. ఆ వరుస, ఆ సంక్షిప్తాలు అన్నీ ఆయనవే. ఆయన రిటైరయ్యారు, నోట్సు మాత్రం ఇంకా ఉద్యోగం చేస్తోంది. ఉత్తమ అధ్యాపకుడని శాలువా కూడా కప్పారు లెండి.

ఆ షీటు మీ పిల్లల ఫోనులోకీ వచ్చే ఉంటుంది. రెండో వైపు, కింది నుంచి నాలుగో వరుస. 450ని కొట్టేసి 300 అని రాయించండి, పక్కనున్న fy ముందు 0.87 చేర్పించండి. మిగతా వరుసల పూచీ నాది కాదు.