అనుబంధం-14 చూడుడు

ప్రణాళిక రాయడం ఒక కళ అని ఈ కాలం ఉద్యోగులకు తెలియడం లేదు. ఒక తీర జిల్లాలో రెవెన్యూ సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. సర్వీసులో పదకొండు సార్లు తుఫాను ప్రణాళిక తయారుచేశాను, ఏడాదికేడాది ఇంకాస్త లావుగా. 2005 విపత్తు నిర్వహణ చట్టం జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించి సవరించమంది. సవరణ అంటే పేజీలు కలపడమని మా ఆఫీసు అవగాహన. నా చివరి ప్రణాళిక 214 పేజీలొచ్చింది. స్పైరల్ పట్టక జిరాక్స్ షాపు కుర్రాడు దబ్బనం తెచ్చి దారంతో కుట్టాడు.

ముందు పెద్దల సందేశాలు. తర్వాత జిల్లా ఎల్లలు, నదులు, నేలల రకాలు, పన్నెండు నెలల సాధారణ వర్షపాతం. ఆ వెనక 1977 దివిసీమ ఉప్పెన నుంచి 2014 హుద్‌హుద్ దాకా చరిత్ర. మొదటి 61 పేజీల్లో ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. అంత ప్రశాంతమైన తుఫాను ప్రణాళిక మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

మరి ఎవరికైనా పనికొచ్చే సంగతులో? వాటిని అనుబంధాల్లో పెట్టాను, మొత్తం పదిహేడు. అవసరమైనది మొదట్లోనే దొరికితే మిగతా పుస్తకం ఎవరు తిరగేస్తారు చెప్పండి? ప్రతి అనుబంధానికీ పేజీ నంబరు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది. అందువల్ల మా ప్రణాళికలో మూడో పేజీలు పద్దెనిమిది ఉండేవి. ఇంత సమృద్ధి ఏ పుస్తకానికుంది?

ఒక ఏడాది తుఫాను నిజంగానే వచ్చింది. ప్రణాళికను సంప్రదించకుండా రావడం దాని తప్పు. రాత్రి పదకొండుకి ఒక వీఆర్వో కంట్రోల్ రూంకి ఫోన్ చేశాడు. “సార్, మా రేవు దగ్గర జనాన్ని హైస్కూలుకి పంపాలా, షెల్టరుకి పంపాలా?” ధీమాగా పుస్తకం తెరిచాను. 74వ పేజీలో ‘తరలింపు వివరాలకు అనుబంధం-14 చూడుడు’ అని ఉంది, నా చేతి వాక్యమే. అనుబంధం-14లో ‘అనుబంధం-9, పట్టిక-3 ప్రకారం’ అని ఉంది. ఆ పట్టిక వెడల్పు ఎక్కువని అడ్డంగా వేయించాను. పుస్తకాన్ని తిప్పి పట్టుకుంటే ఊళ్ల పేర్లన్నీ మూడో పేజీలో, వాటి ఎదురుగా ఉండాల్సిన అంకెలు నాలుగో పేజీలో. ఆ పేజీకి తలకట్టు లేదు. ఒక గడిలో 480 అని ఉంది. 480 మంది పడతారనా, 480 మీటర్ల దూరమనా? లాప్‌టాప్‌లో ఊరి పేరు కొట్టి వెతకబోతే, మేము వాడింది పాత ఫాంటు కాబట్టి ఒక్క ఫలితమూ లేదు. ఈలోగా అవతల నుంచి, “పర్లేదు సార్, హైస్కూలుకి పంపేశాను” అని పెట్టేశాడు. పై ప్రాధికారం లేకుండా!

నేను రిటైరయ్యాక ఆ పని ఒక కొత్త డిప్యూటీ తహసీల్దారు అమ్మాయి చేతికెళ్లింది. నా గ్రంథం బల్ల మీద పెట్టుకుని ప్రతి పేజీనీ ఒకే ప్రశ్న అడిగిందట: “ఈ పేజీ లేకపోతే ఆ రాత్రి ఎవరి పని ఆగుతుంది?” ఆగితే అది ముందుకి. పని ఆగదుగానీ తర్వాత ఎవరైనా ‘ఇదెలా లెక్కేశారు?’ అని అడిగేదైతే వెనక్కి, అనుబంధంలోకి. ఎవరూ అడగనిదైతే బీరువాలోకి. నేలల రకాలు బీరువాలోకి వెళ్లాయి. సందేశాలు కూడా. వణుకు పుట్టలేదా తల్లీ నీకు?

ప్రధాన భాగం పన్నెండు పేజీలకు దిగింది. ఒక్కో పేజీకి మూడు నిలువు గడులు: ఎప్పుడు, ఎవరు, ఏం చేయాలి. గంటలను వాతావరణ శాఖ హెచ్చరికలకు కట్టింది. 48 గంటల ముందు వచ్చే అలర్టుకి పడవలు ఒడ్డుకి, జనరేటరులో డీజిల్. 24 గంటల ముందు వచ్చే వార్నింగుకి పూరిళ్ల వాళ్ల తరలింపు, నెలలు నిండిన గర్భిణులు ఆసుపత్రికి. అంతే. ‘సముచిత చర్యలు సత్వరమే చేపట్టవలెను’ లాంటి నిండైన వాక్యం ఒక్కటీ లేదు. చదువుతుంటే కిరాణా చీటీ చదివినట్టుంది.

ఫోన్ నంబర్ల దగ్గర మాకు గట్టి వాదనే జరిగింది. అధికారుల పేర్లు, నంబర్లు నేను గౌరవంగా మొదటి అధ్యాయంలోనే వేయించేవాణ్ణి. బదిలీలయ్యాక సగం పేర్లు వేరే జిల్లాల్లో తేలేవి, అది వాళ్ల కర్మ. ఈమె ప్రధాన భాగంలో హోదా మాత్రమే రాసింది, పేరూ నంబరూ విడి కాగితం మీద, పైన తేదీతో. “మనిషి మారితే ఒక్క కాగితం మారుస్తాం సార్, పుస్తకం మళ్లీ వేయక్కర్లేదు” అంది. మారేదాన్ని వెనక్కి పెట్టాలంటావు సరే, మరి 1077 కంట్రోల్ రూం నంబరు ప్రతి పేజీ అడుగునా ఎందుకమ్మా అంటే, “అది మారదు, అందరికీ కావాలి” అంది. ఎటు తిరిగినా జవాబుంటుంది ఈ పిల్లకి.

షెల్టర్ల జాబితా పొడుగైనది కదా, అనుబంధంలో పెట్టక తప్పదని అక్కడ కాచుకున్నాను. పెట్టింది, అన్ని ఊళ్లదీ కలిపి. అయితే ప్రతి వీఆర్వోకీ తన ఊరి ముక్క మాత్రం ఒక్క పేజీలో విడిగా ఇచ్చింది: ఏ వీధి వాళ్లు ఏ షెల్టరుకి, ఎంతమంది పడతారు, తాళం ఎవరి దగ్గర. తాళం సంగతి నా 214 పేజీల్లో లేని మాట నిజమే. కానీ ప్రణాళికా స్థాయి పత్రంలో తాళంచెవి గురించి రాస్తారా ఎక్కడైనా? మనిషికి ఎంత జాగా చొప్పున లెక్కేశారన్నది మాత్రం వెనక ఉంచింది. అది ఆడిటు వాళ్లకట.

ఇక కాగితం వృథా చెప్పతరం కాదు. అక్షరాలు పెద్దవి, టార్చిలైటు వెలుగులో కూడా కనబడాలని. పట్టిక పేజీ మారితే తలకట్టు మళ్లీ వేయించింది. మొదటి పేజీ నుంచి చివరి అనుబంధం దాకా నంబర్లు ఒకే వరుస. ‘అనుబంధం చూడుడు’ అన్న ప్రతిచోటా పేజీ నంబరు కూడా రాసింది, ఒక అనుబంధం ఇంకో అనుబంధానికి పంపకూడదని నియమం. పోనీ ఫోన్లోనే ఉంచుకోవచ్చుగా అంటే, హుద్‌హుద్ అప్పుడు విశాఖలో కరెంటూ ఫోన్లూ పోయిన సంగతి గుర్తుచేసి, పన్నెండు పేజీలూ అట్టలో పెట్టించి వీఆర్వోలకు పంచింది.

అయినా ధర్మం ఒక కాలు మీదైనా నిలబడుతుంది. మొన్న పైనుంచి మెమో వచ్చింది: ‘గత ప్రణాళిక 214 పేజీలు ఉండగా ప్రస్తుత ప్రధాన భాగం 12 పేజీలకు తగ్గుటకు కారణములు వివరించవలెను.’ ఇలాంటి వాటికి ఆఫీసు వాళ్లు ఇప్పటికీ నన్నే పిలుస్తారు. జవాబు రాసిచ్చాను. ఒక్కటే వాక్యం: ‘కారణములు అనుబంధం-1 నుంచి 11 వరకు జతపరచడమైనది.’