పంపు దండగ, షాకు పండగ

బెర్నౌలీ సమీకరణాన్ని చదువుకునే రోజుల్లో ఒకసారి కంఠస్థం చేసినవారికి దానిమీద నమ్మకం ఆ తరువాత ఏ ప్రెజర్ గేజిని చూసినా చెక్కుచెదరదు. నేను అటువంటి విశ్వాసులలో ఒకణ్ణి. ఆ సమీకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించి లెక్కలు కట్టిన మీదట, పంపులన్నిటినీ పీకి పారేసి వాటి స్థానంలో షాక్ తరంగాలను అమర్చుకోవాలని ఈ వ్యాసం ద్వారా ప్రతిపాదిస్తున్నాను. పాఠకులు తొందరపడి నవ్వకూడదు. కింది లెక్కలలో కూడికల తప్పు ఒక్కటి కూడా లేదు.

డేనియల్ బెర్నౌలీ 1738లో బీజం వేయగా ఆయిలర్ నేటి రూపానికి తెచ్చిన ఆ సూత్రం ప్రకారం, p + ½ρV² + ρgz అనే మొత్తం ఒక ప్రవాహరేఖ వెంట ఎక్కడ కొలిచినా ఒకటే. దాని కింద చిన్న అక్షరాలలో కొన్ని షరతులు ఉంటాయి: ప్రవాహం కాలంతో మారకూడదు, ఘర్షణ ఉండకూడదు, సాంద్రత మారకూడదు, దారిలో ఎవరూ ద్రవం మీద పని చేయకూడదు. చిన్న అక్షరాలను చదవకుండా సంతకం పెట్టడం మనకు అలవాటే కనుక, వాటిని ఇక్కడ కూడా అలాగే దాటవేద్దాం.

మొదట పంపు సంగతి. సెకనుకు 20 లీటర్ల నీటిని 30 మీటర్ల హెడ్‌తో తోసే ఒక సెంట్రిఫ్యూగల్ పంపును తీసుకున్నాను. సక్షన్ పైపు వ్యాసం 100 మిల్లీమీటర్లు, డెలివరీ పైపు వ్యాసం 80 మిల్లీమీటర్లు, రెండు గేజిలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. సక్షన్ గేజి 50 కిలోపాస్కళ్లు చూపుతోంది. పైపు సన్నబడింది కనుక నీటి వేగం సెకనుకు 2.55 మీటర్ల నుంచి 3.98 మీటర్లకు పెరుగుతుంది. వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందని చిన్నప్పటినుంచీ చెబుతున్నారు కదా, లెక్క కూడా అదే చెప్పింది: డెలివరీ వైపు పీడనం 4.7 కిలోపాస్కళ్లు తగ్గి 45.3కు దిగాలి. అంటే ఈ పంపు ఎనిమిది కిలోవాట్లకు పైగా విద్యుత్తును మింగి, నీటి పీడనాన్ని తగ్గించే పనిలో ఉంది. ఇంతకన్నా దండగ యంత్రం మరొకటి ఉంటుందా?

డెలివరీ గేజి మాత్రం మొండిగా 340 చూపింది. గేజి చెడిపోయిందని నిర్ధారించి మార్పించాను. కొత్తది కూడా 340 చూపింది. సమీకరణాన్ని మార్పించడం గురించి ఆలోచించలేదు.

పంపుల మరమ్మతు చూసే ఒక పెద్దాయన నా లెక్క చూసి, "అయ్యా, మధ్యలో తిరుగుతున్న ఇంపెల్లర్‌ను మీరు లెక్కలో ఎక్కడ రాశారు?" అని అడిగాడు. రాయలేదు. రాయడానికి ఆ సూత్రంలో చోటే లేదు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: షాఫ్టు ప్రతి కిలోగ్రాము నీటికీ బయటినుంచి దాదాపు 294 జౌళ్ల పనిని అప్పగిస్తోంది, దానినే 30 మీటర్ల హెడ్ అంటారు. నీటి విషయంలో అది 294 కిలోపాస్కళ్లతో సమానం కనుక, 50కి 294 కలిపి, వేగం పెరగడానికి ఖర్చయిన 4.7 తీసివేస్తే 340 వస్తుంది. సమీకరణానికి ఎడమవైపున పంపు హెడ్‌నూ కుడివైపున నష్టాల హెడ్‌నూ చేర్చి రాసే పద్ధతి అందరికీ తెలిసినదే. అయితే అలా చేర్చిన తరువాత అది బెర్నౌలీ సమీకరణం కాదనీ, శక్తి నిత్యత్వ సూత్రం బెర్నౌలీ చొక్కా తొడుక్కుని వచ్చిందనీ ఆయన అన్నాడు. పేరులో ఏముందని నేను వాదించాను. "పేరులోనే ఉంది, ఆ పేరు చూసే కదా మీరు పంపుకు అడ్డంగా గీత గీసి ఇటూ అటూ సమానమన్నారు" అన్నాడాయన.

ఓటమి ఒప్పుకోకుండా నేను ఇంకో మెట్టు పైకెక్కాను. ఘర్షణే లేని ఆదర్శ ద్రవాన్నీ, ఏ నష్టమూ లేని ఆదర్శ పంపునూ ఊహిస్తే అప్పుడైనా నా సమీకరణం నిలబడాలి కదా అన్నాను. ఇక్కడే చాలామంది విశ్వాసులు బోర్లా పడతారని నాకు తరువాత తెలిసింది. పంపు దగ్గర సమీకరణాన్ని చెడగొడుతున్నది ఘర్షణ అని వారు అనుకుంటారు. నిజానికి ఘర్షణను పూర్తిగా తీసివేసినా అది అక్కడ నిలవదు, ఎందుకంటే పంపు లోపల ప్రవాహం కాలంతో మారకుండా ఉండదు. ఇంపెల్లర్ రెక్కకు ముందువైపు పీడనం ఎక్కువ, వెనుకవైపు తక్కువ. ఆరు రెక్కల ఇంపెల్లర్ నిమిషానికి 1450 చుట్లు తిరుగుతుంటే, కేసింగ్‌లో కదలకుండా ఉన్న ఏదైనా ఒక బిందువు పక్కనుంచి సెకనుకు 145 సార్లు రెక్క దాటిపోతుంది, అన్నిసార్లూ అక్కడి పీడనం ఎగిరి పడుతుంది. ఘర్షణా ఉష్ణమార్పిడీ లేనప్పుడు ఒక నీటి కణం మొత్తం శక్తి మారడానికి ఉన్న దారి ఇదొక్కటే: అది ఉన్నచోట పీడనం కాలంతో మారుతూ ఉండాలి. ఆ ఎగుడుదిగుళ్లను అణచివేస్తే ఆదర్శ పంపు ఒక్క జౌలు కూడా నీటికి ఇవ్వలేదు. పైపుల మీద దూరంగా బిగించిన గేజి ముల్లు సెకనుకు 145 సార్లు ఊగలేదు కనుక నిశ్చలంగా కనిపిస్తుంది. ఆ నిశ్చలతను చూసి లోపల కూడా అంతా ప్రశాంతమని నేను అనుకున్నాను.

విశ్వాసులకు ఊరట కలిగించే మాట ఒకటి కూడా ఆయన చెప్పాడు. ఇంపెల్లర్ మీద కూర్చుని దానితోపాటు గిరగిర తిరిగే చీమకు రెక్కలు కదలవు, ప్రవాహం కాలంతో మారదు. ఆ చీమ రాసుకునే సమీకరణంలో నీటి సాపేక్ష వేగం వేసుకుని, దానికి −½ρω²r² అనే అపకేంద్ర పదాన్ని చేర్చితే, ఘర్షణ లేనంతవరకు ఆ మొత్తం ఇంపెల్లర్ లోపల స్థిరంగానే ఉంటుంది. అంటే బెర్నౌలీ తరహా లెక్క చీమకు చెల్లుతుంది, నేల మీద నిలబడ్డ నాకు చెల్లదు. ఈ అవమానాన్ని మౌనంగా దిగమింగాను.

ఇక పంపుకు ప్రత్యామ్నాయమైన షాక్ సంగతికి వస్తాను. గాలి మాక్ 2 వేగంతో, అంటే 288 కెల్విన్ల ఉష్ణోగ్రత వద్ద సెకనుకు 680 మీటర్ల వేగంతో, 100 కిలోపాస్కళ్ల పీడనంతో వచ్చి ఒక నిటారు షాక్ గుండా, అంటే గాలి హఠాత్తుగా నెమ్మదించే సన్నని పొర గుండా, దాటిందనుకుందాం. దాటకముందు p + ½ρV² విలువ 100, 280 కలిసి 380. దాటిన తరువాత పీడనం 450, వేగం 255 మీటర్లు, ½ρV² విలువ 105, వెరసి 555. పాఠకులు ఈ అంకెలను మరొకసారి చూడాలి. మోటారు లేదు, షాఫ్టు లేదు, కరెంటు బిల్లు లేదు, అయినా 380 కాస్తా 555 అయింది! కిలోవాట్లు మింగే పంపు బెర్నౌలీ లెక్కలో పీడనాన్ని తగ్గిస్తుంటే, మైక్రోమీటరులో కొంత భాగం మాత్రమే మందం ఉండే షాక్ అదే లెక్కలో ఉచితంగా 46 శాతం పెంచుతోంది. నా ప్రతిపాదనకు ఇంతకు మించిన ఆధారం ఏం కావాలి?

దీనిమీద వాయుగతిశాస్త్రం తెలిసిన ఒక మిత్రురాలు నన్ను చాలాసేపు జాలిగా చూసింది. మాక్ 2 దగ్గర సాంద్రత స్థిరమనుకోవడమే మొదటి తప్పు అని ఆమె అన్నది. షాక్ దాటగానే గాలి సాంద్రత 2.67 రెట్లు అవుతుంది. సాంద్రత మార్పును సరిగా లెక్కలోకి తీసుకుని, గాలిని నష్టం లేకుండా నిలిపివేస్తే వచ్చే పీడనాన్ని, అంటే స్తబ్ధ పీడనాన్ని కడితే, షాక్‌కు ముందు అది 782 కిలోపాస్కళ్లు, తరువాత 564. నేను 46 శాతం లాభం చూసినచోట నిజంగా 28 శాతం నష్టం జరిగింది. ఇంకా స్పష్టంగా ఉండాలని ఆమె మరో పోలిక చెప్పింది: అదే గాలిని మెల్లగా, నష్టం లేకుండా 255 మీటర్ల వేగానికి తగ్గిస్తే పీడనం 624 కిలోపాస్కళ్లకు చేరేది. షాక్ దానిని 450 దగ్గరే వదిలేసింది. రెండు దారులలోనూ చివరి ఉష్ణోగ్రత ఒకటే, 486 కెల్విన్లు.

ఉష్ణోగ్రత ఒకటే అయితే పోయిందేమిటని అడిగాను. శక్తి పోలేదని ఆమె జవాబు. ఎంథాల్పీకి ½V² కలిపిన మొత్తం షాక్‌కు ఇటూ అటూ ఒకటే, ఎందుకంటే అక్కడ బయటినుంచి పని గానీ వేడి గానీ రాదు. పీడనానికి ρV² కలిపినా ఒకటే: ముందు 100, 560 కలిసి 660, తరువాత 450, 210 కలిసి 660. ఈ రెండవది ద్రవ్యవేగం లెక్క, ఇందులో 'అర' ఉండదు. నేను ఆ అరను అలవాటుగా అతికించి, లేని లాభాన్ని సృష్టించుకున్నాను. షాక్‌లో పెరిగేది ఎంట్రోపీ. అంత సన్నని పొరలో వేగం సెకనుకు 425 మీటర్లు పడిపోతుంటే, మిగతా చోట్ల పట్టించుకోనవసరం లేని గాలి జిగటా ఉష్ణవాహకతా అక్కడ రాజ్యమేలుతాయి. ఇది విని, జిగటను తగ్గిస్తే నష్టం తగ్గుతుంది కదా అని వెంటనే ఒక ఉపాయం చెప్పాను. తగ్గదట. జిగట తగ్గితే షాక్ మరింత సన్నబడి, అంతే నష్టాన్ని కలిగిస్తుందట. ఘర్షణను ఎంత తుడిచినా బెర్నౌలీకి దారి దొరకని చోటు ఇది.

ఈ మతిమరుపు నాకొక్కడికే లేదని తెలిసి కొంత ధైర్యం వచ్చింది. 1848లో స్టోక్స్ ఇటువంటి ఆకస్మిక మార్పు వాయువులో సాధ్యమేనని రాశాడు. అందులో యాంత్రిక శక్తి లెక్క సరిపోవడం లేదని ఆ తరువాత కెల్విన్, రేలీలు ఆక్షేపించగా, తన వ్యాసాలను సంపుటంగా అచ్చువేసినప్పుడు ఆ భాగాన్ని తొలగించాడు. లెక్కలో తగ్గినట్లు కనిపించిన శక్తి వాయువు అంతర్గత శక్తిగా మారుతోందన్న సంగతి ర్యాంకిన్, హ్యుగోనియోల కృషితో తేలింది. అంతటివారు తడబడినచోట నేను కొత్త పంపును కనిపెట్టబోవడం పెద్ద నేరమేమీ కాదు.

చివరికి ప్రవాహ వేగాన్ని కొలిచే పిటాట్ ట్యూబుతో తేల్చుకుందామని అదే ప్రవాహంలో దానిని నిలబెట్టాను. దాని ముక్కుకు ముందు ఒక షాక్ విడిగా నిలబడింది కనుక, ట్యూబు చూపినది 564 కిలోపాస్కళ్లు. బెర్నౌలీ సూత్రంలో 564, 100 వేస్తే వేగం సెకనుకు 876 మీటర్లు వచ్చింది. పొరపాటు దిద్దుకుని, సాంద్రత మార్పును గుర్తించే సమీకరణంలో వేశాను, కానీ షాక్‌ను మరిచిపోయాను. ఈసారి 608 వచ్చింది. షాక్‌ను కూడా కలుపుకునే రేలీ పిటాట్ సూత్రంలో మిత్రురాలు వేస్తే సరిగ్గా 680 వచ్చింది. పంతం కొద్దీ నా రెండు జవాబులకూ సగటు తీశాను. 742 వచ్చింది.