మార్చి నెలాఖరు రసీదులు: సహకార ఆడిట్ అడగని ప్రశ్న

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో అక్రమం అనగానే నగదు పెట్టె ఖాళీ అయిందనుకుంటాం. కానీ పెట్టెను ముట్టుకోకుండానే సంఘాన్ని గుల్ల చేసే పద్ధతి ఒకటుంది. పాత పంట రుణం తీరినట్లు రసీదు రాస్తారు. అదే రోజు అదే రైతు పేర కొత్త రుణం ఇచ్చినట్లు రాస్తారు. దీన్నే బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. 40 మంది రైతులకు తలా లక్ష రూపాయల బాకీ, 7 శాతం వడ్డీ ఉన్నాయి. మార్చి 30న 42.80 లక్షలు వసూలైనట్లు, అంతే మొత్తం కొత్త రుణాలుగా ఇచ్చినట్లు నమోదు చేశారు. నగదు నిల్వ ఉదయం 42 వేలు, సాయంత్రమూ 42 వేలే. ఓచర్లున్నాయి, సంతకాలున్నాయి, కూడికలు సరిపోయాయి. వసూళ్లు నూరు శాతం. చేతికి రాని 2.80 లక్షల వడ్డీ ఆదాయంగా మారి, ఆ ఏడాది లాభాన్ని పెంచింది. రైతు బాకీ మాత్రం మరుసటి మార్చికి 1,14,490 రూపాయలకు చేరుతుంది. తాను ఏమీ కట్టలేదని, కొత్తగా ఏమీ తీసుకోలేదని అతనికి తెలుసు. పుస్తకంలో తన పేర ఏం రాశారో మాత్రం తెలియదు.

పుస్తకాన్ని పుస్తకంతో పోల్చినంత కాలం ఇది బయటపడదు. ఆ రోజు జిల్లా కేంద్ర సహకార బ్యాంకు ఖాతాలో ఎంత జమ అయిందో చూడాలి. 42 వేల నిల్వ ఉన్న సంఘానికి ఒక్క రోజులో 42 లక్షలు నిజంగా వచ్చి వెళ్లాయా అని కార్యదర్శిని అడగాలి. ఆ తర్వాత ఊళ్లోకి వెళ్లి, కొందరు రైతులకు వారి ఖాతా నిల్వ చదివి వినిపించాలి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. చనిపోయినవారి పేర, భూమి లేనివారి పేర ఉన్న బినామీ రుణాలు కూడా ఇక్కడే తేలుతాయి. అయితే అప్పు తెచ్చి నిజంగానే కట్టి, మళ్లీ రుణం తీసుకునే రైతులూ ఉంటారు కనుక, తేదీలు కలిసినంత మాత్రాన అక్రమమని తేల్చకూడదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ ఆడిట్‌కు ఆధారం 1964 నాటి సహకార సంఘాల చట్టమే. అందులోని 50వ సెక్షన్ ఆడిట్‌కు, 51 విచారణకు, 60 సర్చార్జికి సంబంధించినవి. బాధ్యుడి సంజాయిషీ విన్నాక, నష్టాన్ని అతని నుంచే రాబట్టే ఆదేశం సర్చార్జి. అందుకు ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నది తేలాలి. “లోపాలు సవరించుకోవాలి” అని ఒక వాక్యం రాసి ముగించే నివేదిక ఈ దారిని మూసేస్తుంది. అందువల్ల ఆడిటర్ ప్రతి అడ్జస్ట్‌మెంట్‌కు రైతు ఖాతా సంఖ్య, రసీదు సంఖ్య, సంతకం చేసిన ఉద్యోగి హోదా, మొత్తం రాయాలి. వసూలు కాని వడ్డీని లాభం నుంచి తీసేసి చూపాలి. మోసం ఆనవాళ్లు కనిపిస్తే వార్షిక నివేదిక పూర్తయ్యేదాకా ఆగకుండా, రిజిస్ట్రార్‌కు విడిగా ప్రత్యేక నివేదిక పంపాలి. ఆలస్యమైతే ఆ రుణం మరో మార్చిలో ఇంకోసారి తిరగరాస్తారు, పాత రసీదు వెతికి పట్టుకోవడం మరింత కష్టమవుతుంది.