చేతిని మింగేసిన పేరు పట్టీ

పర్లాకిమిడి దగ్గర ఒక ఊళ్లో పెద్దావిడ, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి గురించి చెబుతున్న వీడియో ఈమధ్య చూశాను. తీసింది మన తెలుగు కుర్రాళ్లే. "నీళ్లు ఇంతవరకూ వచ్చేశాయి బాబూ" అంటూ ఆమె మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. సరిగ్గా అప్పుడే ఎర్రటి లోయర్ థర్డ్ ఒకటి, అంటే తెర కింది భాగంలో మాట్లాడేవాళ్ల పేరు చూపించే పట్టీ, గిర్రున తిరుగుతూ వచ్చి ఆ చేతి మీద కూర్చుంది. నాకు చాలా బాధేసింది. ఆ వీడియో మొత్తంలో చూడాల్సింది ఆ చెయ్యే.

పేరు పట్టీ మనిషి మాట మొదలుపెట్టిన రెండు సెకన్లకు వచ్చి, ఐదు సెకన్లుండి పోతే చాలు. పట్టీలో ఉన్నది నిదానంగా రెండుసార్లు పైకి చదవండి, అంతసేపు ఉంచండి. పర్లాకిమిడి ఉన్న ఒడిశా గజపతి జిల్లాలో చూసేవాళ్లు రెండు భాషలవాళ్లు కాబట్టి తెలుగు, ఒడియా రెండూ ఒకేసారి వెయ్యాలి. ఎవరి లిపి వాళ్లు చదువుకుంటారు, అదనపు టైమ్ అక్కర్లేదు. ఒకటి పోయాక ఇంకొకటి వేస్తేనే పట్టీ రెట్టింపు సేపు తెర మీద వేలాడుతుంది.

ఆ వీడియోలో పేరు ఒక్కో అక్షరం టైపు కొడుతున్నట్టు వచ్చింది. ఇంగ్లీషుకి అది నప్పుతుంది, తెలుగుకి నప్పదు. 'లక్ష్మి' అన్న పేరే తీసుకోండి. చాలా సాఫ్ట్‌వేర్లలో ముందు 'లక', తర్వాత 'లక్', 'లక్ష', 'లక్ష్', 'లక్ష్మ' అని, చివరికి గుడి వచ్చి కూర్చుంటుంది. అడుగడుగునా అక్షరం రూపు మారుతుంటే కన్ను దాని వెంటే పోతుంది, మాట చెవికెక్కదు. పేరంతా ఒకేసారి, అర సెకనులో మెల్లగా తేలనివ్వాలి. రెండు వరుసలుంటే మధ్య జాగా కాస్త పెంచాలి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారే ట్రాన్సిషన్ల దగ్గరా ఇదే పొరపాటు జరిగింది. ఆమె గొంతు పూడుకుపోయి ఆగిన చోట కోసేసి, కోత తెలియకుండా తెరను గిర్రున తిప్పారు. పోనీ ఒక షాట్ మెల్లగా ఇంకో షాట్‌లో కలిసిపోయే డిజాల్వ్ వేద్దామంటే ఒకే ముఖం రెండుగా, దెయ్యంలా కనబడుతుంది. నేనైతే ఆ మౌనాన్ని ఉంచేస్తాను. కొయ్యక తప్పదంటే ఆమె మాట వినబడుతుండగానే గోడ మీది నీటి మరక చూపించి, మళ్లీ ముఖానికి వస్తాను. రెండూ మామూలు కట్‌లే. రాత్రి కథ అయిపోయి తెల్లవారిన చోట మాత్రం ఒక సెకను నల్లతెర పెట్టొచ్చు. అక్కడ నిజంగా కాలం గడిచింది కనుక.

ఇక టైటిల్ కార్డు. మెరుపులు, ఢమాల్ మ్యూజిక్‌తో ఎనిమిది సెకన్లు పెట్టారు. అందులో సగం చాలు. నల్లతెర మీద తెల్లటి అక్షరాలు, అవి ఉండగానే ఆమె గొంతు: "ఆ రాత్రి దీపం కూడా లేదు."