మేడ దిగి రావడానికి నాలుగు రోజులు పట్టిన ఉత్తరం

నేను రాసిన ఉత్తరం ఈ రోజు పొద్దున నాకే తిరిగొచ్చింది. పోస్ట్‌మ్యాన్ మొహమాటపడుతూ చేతికిచ్చాడు. కవరు మీద అడ్డంగా 'రిఫ్యూజ్డ్' అని రాసి ఉంది, కింద 2025 మే 29 తేదీ, ఒక పొడి సంతకం. ఇంతకీ ఆ ఉత్తరం రాసింది ఎవరికనుకున్నారు? మా ఇంటి ఓనరుకి. ఆయన ఉండేది మా నెత్తి మీద, పై అంతస్తులో. పదహారు మెట్లు. నా ఉత్తరం ఆ పదహారు మెట్లు ఎక్కలేక పోస్టాఫీసు చుట్టూ తిరిగి, గుమ్మం దాకా వెళ్లి, అవమానపడి, నాలుగు రోజులకు కిందికి దిగివచ్చింది.

అందులో నేనేమైనా బెదిరించానా? లేదు. జులై 31న ఇల్లు ఖాళీ చేస్తున్నాను అని రాశాను. అంతే. అగ్రిమెంటులో రెండు నెలల ముందు లిఖితపూర్వకంగా తెలపాలి అని ఉంది కాబట్టి తెలిపాను. తప్పు నాదే. చాలామందిలా నెలాఖరున సామాను ఆటోలో వేసుకుని తాళం గోడ మీద పెట్టి పోయి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

మొదట మర్యాదగానే వెళ్లాను. మే 26, సోమవారం సాయంత్రం. రెండు ప్రతులు తీసుకెళ్లి, "అంకుల్, ఒకటి మీరు ఉంచుకుని రెండో దాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయండి" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. మళ్లీ చదివారు. తర్వాత, "ఇంట్లో మనుషుల్లా ఉన్నాం, మన మధ్య సంతకాలు ఏమిటయ్యా" అన్నారు. ఈ ఇంట్లో మనుషుల్లా ఉండటం అనేది అద్దె పెంచేటప్పుడు, నీళ్ల మోటారు బిల్లు పంచేటప్పుడు ఎందుకో గుర్తుకు రాదు. కాగితం టీపాయ్ మీద వదిలేసి వచ్చాను. ఎందుకైనా మంచిదని దాని ఫొటో వాట్సాప్‌లో కూడా పంపాను. ఆయన బొటనవేలు గుర్తు పెట్టారు. నిజం! చదివినట్టు నీలం గీతలు, వాటి కింద ఆ బొటనవేలు.

మర్నాడు ఆయన దిగివచ్చి చెప్పింది వినండి. అగ్రిమెంటు పదకొండు నెలలది, అది ఎప్పుడో అయిపోయింది, కాబట్టి ఈ నోటీసు చెల్లదట. ఆపైన ఆషాఢం వస్తోంది, ఇల్లు ఎవరూ దిగరు, కాబట్టి మూడు నెలలు ఆగాలట. లేదంటే ఒక నెల అద్దె అడ్వాన్సులో పట్టుకుంటారట.

అగ్రిమెంటు అయిపోయిందే అనుకుందాం. గడువు తీరాక కూడా మనం ఉంటూ, అద్దె ఇస్తూ, ఆయన తీసుకుంటూ ఉంటే దాన్ని చట్టం నెలనెలా సాగే అద్దెగా చూస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 116వ సెక్షన్ చెప్పేది అదే. అలాంటి అద్దెకు, వేరే ఒప్పందం లేకపోతే, అదే చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పదిహేను రోజుల నోటీసు ఇస్తే చాలు. అలా కాదు, పాత షరతులే కొనసాగుతున్నాయి అంటారా? సరే, అప్పుడు రెండు నెలలు. ఎటు తిప్పి లెక్కేసినా పదిహేను రోజులో, రెండు నెలలో. ఈ మూడో నెల ఎక్కడి నుంచి ఊడిపడింది? పంచాంగం నుంచి!

పంచాంగమే ప్రమాణం అంటే నేనూ చూడగలను. ఈసారి ఆషాఢం జులై 24 అమావాస్యతో అయిపోతుంది. 25 నుంచి శ్రావణం. నేను తాళాలు ఇచ్చేది 31న. అంటే ఆయనకు శ్రావణమాసంలో, ముహూర్తాల సీజనులో, ఖాళీ ఇల్లు చేతికొస్తుంది. నేను కావాలనే అలా చూసుకున్నాను, కొత్తగా దిగేవాళ్లు పాలు పొంగించుకోవడానికి వీలుగా ఉంటుందని. దానికి నాకు దక్కిన బహుమానం ఈ కవరు. అన్నట్టు, మేము ఈ ఇంట్లో దిగింది కూడా ఆషాఢం అయ్యాకే. కానీ అద్దె మాత్రం ఆషాఢం నుంచే కట్టించుకున్నారు, ఇల్లు మీ పేరున ఆపి ఉంచాం కదా అని. నెల మంచిదో కాదో డబ్బుకు తెలియదు పాపం.

అందుకే 27వ తేదీనే రిజిస్టర్డ్ పోస్టు చేశాను, ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డు జత చేసి. మా ఆవిడ నవ్వింది, "పైకి వెళ్లే ఉత్తరానికి పోస్టు ఖర్చా" అని. ఖర్చు కాదు, సాక్ష్యం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మనం పోస్టు చేసిన తేదీ కాదు లెక్క, అవతలివాళ్లకు అందిన తేదీ. 106వ సెక్షన్‌కు 2002 నాటి చట్టంతో చేసిన సవరణ ఆ మాట స్పష్టంగా రాసింది, గడువు నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుందని. నేను 31వ తేదీ శనివారం దాకా బద్ధకించి పోస్టు చేసి ఉంటే అది జూన్ మూడునో నాలుగునో ఆయన గుమ్మం చేరేది, జులై 31కి రెండు నెలలు నిండేవి కావు, ఆ మూడు నాలుగు రోజులు చూపించి ఆగస్టు మొత్తం అద్దె అడిగేవారు. ఇప్పుడు మే 29 అని పోస్ట్‌మ్యాన్ తన చేత్తోనే రాసి ఇచ్చాడు. రెండు నెలలు జులై 29కి నిండుతాయి. పైన రెండు రోజులు నా ఉదారత.

నిరాకరిస్తే నోటీసు అందనట్టే అనుకుంటారు చాలామంది ఓనర్లు. అందినట్టే! సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపిన దాన్ని తీసుకోను అంటే, అందినట్టుగానే భావిస్తామని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. చేతికి ఇవ్వవచ్చు, ఇంట్లో వేరే మనిషికి ఇవ్వవచ్చు, పనివాళ్లకైనా ఇవ్వవచ్చు. అవేవీ కుదరకపోతే ఆస్తి మీద అందరికీ కనబడే చోట అంటించవచ్చట. ఆ చివరిది చదివి చాలాసేపు నవ్వుకున్నాం. ఆ ఆస్తిలో ఉండేది నేనే కదా! నా తలుపు మీద నేనే నోటీసు అంటించుకుని, నేనే రోజూ చదువుకోవాలి కాబోలు.

ఈ తిరిగొచ్చిన కవరును మాత్రం నేను విప్పలేదు, విప్పను. మీకూ ఇలాగే వస్తే విప్పకండి. దాని విలువంతా అతుకు ఊడకపోవడంలోనే ఉంది. లోపల ఏముందో చెప్పడానికి నా దగ్గర ప్రతి ఉంది: ఇంటి నంబరు, అగ్రిమెంటు తేదీ, "సదరు ఒప్పందంలోని రెండు నెలల నోటీసు షరతు మేరకు జులై 31 సాయంత్రం ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాను" అనే ఒక్క వాక్యం, ఆ రోజే కలిసి ఇల్లు, కరెంటు మీటరు రీడింగు చూసుకుందామని, అడ్వాన్సు 44,000 ఫలానా ఖాతాలో వేయమని. కారణం రాయలేదు. ఎందుకు రాయాలి? ఎక్కడికి వెళ్తున్నారు, ఎంత అద్దె, సొంతిల్లా అని అడిగారు. అది నోటీసులో ఉండాల్సిన విషయం కాదు.

మిత్రులు చాలా తెలివైన సలహా ఇచ్చారు, చివరి రెండు నెలల అద్దె కట్టకు, అడ్వాన్సులో సర్దుకోమను అని. నాకూ నోరూరింది. అద్దె 22,000, అడ్వాన్సు దానికి సరిగ్గా రెట్టింపు, లెక్క చక్కగా సరిపోతుంది. కానీ మా అగ్రిమెంటులో అలా సర్దకూడదు అని ఒక వాక్యం ఉంది, మీదాంట్లోనూ ఉండే ఉంటుంది, చూసుకోండి. అలా చేస్తే అద్దె ఎగ్గొట్టినవాడిని నేనవుతాను. జూన్, జులై అద్దెలు ఎప్పటిలాగే బ్యాంకు ద్వారా వేస్తాను. అయినా ఈ సలహా పుట్టడానికి కారణం ఎవరు? అడ్వాన్సును తిరిగి ఇవ్వాల్సిన సొమ్ముగా కాక, ఇంటితో పాటు వచ్చిన కట్నంలా చూసే పెద్దమనుషులు కారా? నాలుగేళ్ల గోడలకు రంగు వెలిసిందని ఒక నెల అద్దె కోసేస్తారు. మనుషులు ఉన్న ఇంట్లో గోడలు మాయకుండా ఎలా ఉంటాయి? మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెకున్నవాడి నెత్తిన పడదని ఆ 1882 చట్టమే అంటుంది, 108వ సెక్షన్‌లో. అగ్రిమెంటులో రంగుల ఖర్చు మనదే అని సంతకం పెట్టి ఉంటే అది వేరే ఏడుపు. నేను పెట్టాను. ఆ రోజు చదవలేదు. కాబట్టి రంగులకు 22,000 పోయినట్టే, దాని గురించి నేను అరవడం లేదు. అరుస్తున్నానా?

అసలు నా కడుపుమంట వేరే ఉంది. 2011లో ఎస్సార్ నగర్‌లో మేం ముగ్గురం పెళ్లికాని కుర్రాళ్లం ఒక గదిలో ఉండేవాళ్లం. అగ్రిమెంటు లేదు, రసీదు లేదు, ప్రతి నెలా ఒకటో తేదీన చేతిలో డబ్బు పెట్టడమే. ఒక గురువారం రాత్రి ఆ ఓనరు వచ్చి, ఆదివారం మా అమ్మాయికి పెళ్లిచూపులు, ఇంట్లో బ్యాచిలర్లు కనబడితే బాగుండదు, శనివారానికల్లా ఖాళీ చేయండి అన్నాడు. రెండు రోజులు! కాగితం ముక్క కూడా లేకుండా! ఆ నోటిమాట అద్దెకు కూడా పదిహేను రోజుల నోటీసు హక్కు మాకు ఉందని ఆ రోజు మా ముగ్గురిలో ఒక్కడికీ తెలియదు. శనివారం వానలో పరుపులు నెత్తిన పెట్టుకుని స్నేహితుడి గదికి నడిచాం. అడ్వాన్సు అడిగితే, పెళ్లి పనుల్లో ఉన్నాను తర్వాత రండి అన్నాడు. ఆ తర్వాత ఇంతవరకు రాలేదు. ఆ అమ్మాయికి పిల్లలు కూడా స్కూలుకు వెళ్తుంటారు ఈపాటికి.

వాళ్లకు కావాలంటే రెండు రోజులు. మనం వెళ్తామంటే రెండు నెలలు చాలవు, మాసం చూడాలి, తిథి చూడాలి.

ఇది రాస్తుండగా పై ఇంటి ఆంటీ కరివేపాకు కోసం కిందికి వచ్చారు. చెట్టు మా వైపు ఉంది లెండి. రెమ్మలు తుంచుకుంటూ, "జులై ఆఖరున వెళ్లిపోతున్నారట కదా బాబూ, ఎంత మంచివాళ్లు దొరికారో అనుకున్నాం" అన్నారు.

"మీకెవరు చెప్పారు ఆంటీ?"

"మొన్న గురువారం నీ ఉత్తరం వస్తే తీసుకోలేదుగా, అప్పుడు అంకులే చెప్పారు."