నిండిన బస్సును చూసి కట్టిన టూర్ ధర నిలవదు

“గ్రూప్ టూర్‌కి ధర కట్టడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. బస్సు, హోటల్, గైడ్, భోజనాలు అన్నీ కూడండి. బస్సులో ఎన్ని సీట్లుంటే అన్నింటితో భాగించండి. దాని మీద 20 శాతం వేసుకోండి. లాభమూ అందులోనే, చివర్లో పెరిగే ఖర్చులూ అందులోనే. అదీ చాలకపోతే డీజిల్ పెరిగిందని చెప్పి ప్రయాణికుల దగ్గరే తీసుకోవచ్చు.”

ఈ సలహా కొత్తగా టూర్లు మొదలుపెట్టేవాళ్ల మధ్య బాగా తిరుగుతోంది. ఇందులో నాలుగు మాటలున్నాయి. నాలుగూ తప్పే, కానీ నష్టంలో ఎక్కువ భాగం మొదటిదాన్నుంచే వస్తుంది. అందుకే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

40 సీట్ల బస్సు, మూడు రాత్రుల టూర్ అనుకుందాం. డబ్బు ఏ దేశానిదైనా సరే, నిష్పత్తులు అర్థమైతే చాలు. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ కలిపి బస్సుకు 1,20,000. గైడ్‌కు రోజుకు 8,000 చొప్పున మూడు పనిదినాలకు 24,000. డ్రైవర్, క్లీనర్, గైడ్ బసకూ తిండికీ 16,000. ఇవన్నీ కలిపితే 1,60,000. పదిమంది వచ్చినా నలభైమంది వచ్చినా ఈ మొత్తం మారదు. మనిషికి మనిషికి పెరిగేవి వేరే ఉన్నాయి. ఇద్దరు ఒక గదిలో ఉంటే మూడు రాత్రులకు తలకు 4,500, భోజనాలు 2,100, ప్రవేశ టికెట్లు 900, బీమా వగైరా 500. అంటే తలకు 8,000.

పై సలహా ప్రకారం 40 మందికి మొత్తం ఖర్చు 4,80,000, తలకు 12,000. 20 శాతం వేస్తే ధర 14,400. కాగితం మీద 96,000 మిగులు కనిపిస్తుంది.

ఇప్పుడు 28 మందే వచ్చారనుకోండి. వసూలు 4,03,200, ఖర్చు 3,84,000. చేతిలో మిగిలేది 19,200. సీట్లలో తగ్గినవి 30 శాతం, మిగులులో పోయింది 80 శాతం. 25 మంది దగ్గర వసూలూ ఖర్చూ సమానమవుతాయి. 24 మంది దగ్గర టూర్ నష్టంలోకి జారుతుంది. 20 శాతం వేసుకున్నాం కదా అన్న ధీమా ఉన్నవాళ్లకు ఇది ఎలా జరిగిందో అర్థం కాదు. నిజానికి ధరలో 8,000 ఆ మనిషి మీదే ఖర్చవుతుంది. మిగిలిన 6,400 బస్సు, గైడ్ ఖర్చును మోయాలి. ఒక్క సీటు ఖాళీ అయితే పోయేది ఆ సీటు లాభం 2,400 మాత్రమే కాదు, మొత్తం 6,400.

కాబట్టి బస్సు, గైడ్ లాంటి ఖర్చుల్ని భాగించాల్సింది సీట్ల సంఖ్యతో కాదు, కచ్చితంగా వస్తారని నమ్మగలిగే సంఖ్యతో. మీ పాత టూర్లలో చివరకు డబ్బు కట్టి బస్సెక్కినవాళ్లు ఎంతమందో తీసి చూడండి. ఫోన్ చేసి అడిగినవాళ్లు, పేరు రాయించుకున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. పాత లెక్కలు లేని కొత్తవాళ్లు ఇంకాస్త తగ్గించి పట్టుకోవడం మంచిది. ఇక్కడ 32 తీసుకుందాం. దీనికి తోడు ఎంతమంది కంటే తగ్గితే టూర్ నడపరో, ఆ నిర్ణయం ఏ తేదీన తీసుకుంటారో ముందే రాసిపెట్టుకోవాలి. హోటల్ గదులు పైసా కట్టకుండా వదులుకోగలిగే గడువు కన్నా ఆ తేదీ ముందుండాలి.

తలసరి ఖర్చులోనూ ఒక మెలిక ఉంది. 4,500 అన్నది గదిలో ఇద్దరున్నప్పటి మాట. ఒంటరిగా వచ్చిన మనిషికి జత దొరక్కపోతే ఆ గదికి 9,000 అవుతుంది. ఆ తేడా 4,500ను సింగిల్ రూమ్ చార్జీగా బుకింగ్ రోజునే చెప్పాలి. జత దొరికితే తీసేస్తామనొచ్చు, దొరక్కపోయాక అడిగితే మాత్రం గొడవే. అలాగే 20 మందిని తెస్తే ఒకరికి ఉచితం అని మాటిచ్చి ఉంటే, ఆ ఒక్కరి 8,000 మిగతా ఇరవైమంది ధరలో 400 చొప్పున కూర్చోవాలి. హోటల్‌వాళ్లు ఉచిత గది ఇస్తారన్న ఆశతో దీన్ని వదిలేయకండి. వాళ్లిచ్చినా భోజనం, టికెట్లు మీ మీదే పడతాయి.

ఇక 20 శాతం విషయం. ఖర్చు మీద 20 శాతం వేస్తే అమ్మకం ధరలో అది 16.67 శాతమే అవుతుంది. ఏజెంట్లు కమీషన్ తీసుకునేది అమ్మకం ధర మీద. 14,400 మీద 10 శాతం కమీషన్ అంటే 1,440. మీరు వేసుకున్న 2,400లో మిగిలింది 960. అన్ని సీట్లూ ఏజెంట్ల ద్వారానే వస్తే బస్సు నిండినా మిగులు 38,400. గిట్టుబాటుకు కావలసిన సంఖ్య 25 నుంచి 33కు ఎక్కుతుంది. ఆన్‌లైన్ చెల్లింపు చార్జీలు కూడా అమ్మకం ధర మీదే పడతాయి. ఇలాంటివాటిని చివర్లో ఖర్చుకు కలపకూడదు. ధరలో కమీషన్‌కు 10 శాతం, లాభానికి 10 శాతం పోవాలంటే ఖర్చును 0.8తో భాగించాలి. పన్నును దీని పైన వేరుగా చూపాలి.

మూడో మాట నన్ను ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే జాగ్రత్తపరులు కూడా దీన్ని నమ్ముతారు. లాభమూ, చివరి నిమిషం ఖర్చుల కోసం పెట్టుకునే డబ్బూ ఒకే సంచిలో ఉంటే ఎవరైనా తగ్గింపు అడిగిన రోజు ముందుగా కరిగేది ఆ జాగ్రత్త డబ్బే. లాభం కాస్త తగ్గించుకున్నాం అనుకుంటాం, నిజానికి ఇచ్చేసింది గైడ్ మారితే కట్టాల్సిన సొమ్ము. పైగా ఒకే శాతం అన్నింటికీ సరిపోదు. ఒప్పందంలో రేటు ఖాయమైన గదికి పెరుగుదల భయం దాదాపు లేదు. ఇంధనానికి ఉంది. కాబట్టి ఒక్కో పద్దునూ విడిగా అడగాలి: ఈ రేటు ఖాయమా, ఖాయం కాకపోతే ఎంతవరకు పెరగొచ్చు?

మన టూర్‌లో బస్సు కిరాయిలో ఇంధనం వాటా 42,000 అనుకుందాం. అది 10 శాతం పెరిగితే అదనం 4,200. అనుకున్న గైడ్‌కు జ్వరం వచ్చి ముందురోజు ఇంకొకరిని వెతికితే మూడు రోజులకు అదనంగా 10,000 అడగొచ్చు. పార్కింగ్, టికెట్ల చిల్లర పెరుగుదలకు 1,800. మొత్తం 16,000. ఏడాదికి చాలా టూర్లు నడిపే సంస్థ గైడ్ మారడం పదింటిలో ఒకసారే అని సగటు వేసుకుని టూర్‌కు 1,000 పెట్టుకోవచ్చు. ఒక్క టూర్ నడిపేవాళ్లకు ఆ సగటు అక్కరకు రాదు. వచ్చిందా, 10,000 మొత్తం కట్టాల్సిందే. అందుకే వాళ్లు పెద్ద దెబ్బ ఒకటి పూర్తిగా తట్టుకునేలా పెట్టుకోవాలి.

ఇంధనం గురించి అందరూ దిగులు పడతారు కానీ ఇక్కడ అది 4,200 మాత్రమే. గదులు వదులుకునే గడువు దాటాక ఒక్క మనిషి మానుకుంటే ఎంత పోతుందో చూడండి. డబ్బు మొత్తం తిరిగిచ్చేస్తే మీ దగ్గర్నుంచి పోయేది 14,400, మిగిలేది భోజనం, టికెట్లు, బీమా 3,500 మాత్రమే. నష్టం 10,900. ఇంధనం 10 శాతం పెరిగినదానికి ఇది రెండున్నర రెట్లు. దీన్ని జాగ్రత్త డబ్బుతో పూడ్చాలనుకోవద్దు, దీనికి మందు రద్దు షరతుల్లో ఉంది. హోటల్ 21 రోజుల ముందు వరకే గదులు ఉచితంగా వెనక్కి తీసుకుంటుంటే, మీరు ప్రయాణికులకు 15 రోజుల వరకు ఉచిత రద్దు ఇచ్చారంటే మధ్యలోని ఆరు రోజుల్లో మానుకున్న ప్రతి మనిషి గది ఖర్చూ మీదే. మీ గడువు హోటల్ గడువు కన్నా రెండు మూడు రోజులు ముందుండాలి. బదులు మనిషిని పంపుకోవచ్చు అనే వెసులుబాటు ఇస్తే ప్రయాణికులకూ అన్యాయం జరగదు.

చివరి మాట, తర్వాత వసూలు చేసుకోవడం. ధర ఖాయమని డబ్బు తీసుకున్నాక బస్సు దగ్గర నిలబెట్టి ఇంకాస్త అడగడం నమ్మకద్రోహం. చాలా చోట్ల చట్టమూ ఊరుకోదు. ఐరోపా సమాఖ్య 2015లో తెచ్చిన ప్యాకేజీ ప్రయాణాల నిబంధన చూడండి. ఒప్పందంలో ముందే రాసి ఉంటేనే ధర పెంచొచ్చు. అదీ ఇంధనం, పన్నులు, మారకపు రేటు లాంటి కారణాలకే. ప్రయాణానికి 20 రోజుల ముందే చెప్పాలి. పెరుగుదల 8 శాతం దాటితే ప్రయాణికుడు రద్దు రుసుము లేకుండా తప్పుకోవచ్చు. ఆ కారణాలతో ఖర్చు తగ్గితే ఆ తగ్గుదల కూడా ఇవ్వాలి. గైడ్ మారాడనో, మనుషులు తగ్గారనో పెంచడానికి అందులో దారి లేదు. మీరుండే చోట ఇలాంటి నియమం లేకపోయినా ఒప్పందాన్ని ఈ పద్ధతిలో రాసుకోవడం న్యాయం.

ఇప్పుడు ధర మళ్లీ కడదాం. 1,60,000కు జాగ్రత్త డబ్బు 16,000 కలిపితే 1,76,000. 32తో భాగిస్తే 5,500. తలసరి 8,000 కలిపితే 13,500. 0.8తో భాగిస్తే 16,875. ఈ ధరకు అన్ని సీట్లూ ఏజెంట్లే అమ్మినా, జాగ్రత్త డబ్బంతా ఖర్చయిపోయినా 25 మందితో టూర్ గిట్టుతుంది. 14,400 ధరకు అదే పరిస్థితిలో 36 మంది కావాలి.

16,875 అంటే ఎవరూ రారని ఎవరైనా అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే కోత ఎక్కడ పెట్టాలన్నది చూసుకోవాలి. జాగ్రత్త డబ్బు తీసేస్తే తలకు తగ్గేది 625 మాత్రమే, కమీషన్ లేకుండా నేరుగా అమ్మితే 13,500ను 0.9తో భాగిస్తే చాలు, ధర 15,000 అవుతుంది. తెలిసిన బృందం ఒకటే కలిసి వస్తుంటే ఒక్క ధర చెప్పకుండా 25 నుంచి 29 మందికి ఒకటి, 30 నుంచి 34కు ఒకటి, 35, ఆపైన ఉంటే ఒకటి అని కోట్ ఇవ్వండి. ప్రతి మెట్టులోనూ కింది సంఖ్యతోనే భాగించండి. 30 నుంచి 34 ధర కట్టేటప్పుడు భాజకం 30. సంఖ్య తగ్గితే ధర ఎంతవుతుందో ముందే కాగితం మీద ఉంటుంది కాబట్టి మనుషుల్ని పోగుచేసే పని ఆ బృందమే చూసుకుంటుంది.