రాత్రి అన్నంతో పొద్దున చిత్రాన్నం: ఇమ్యూనిటీ తగ్గిన పెద్దవాళ్లకు ఎందుకు వద్దు

"నిన్నటి అన్నం విషమేమీ కాదు. మన పెద్దలు రోజూ చద్దన్నం తిని 90 ఏళ్లు బతికారు. వాసన రాకపోతే నిశ్చింతగా తినండి. అనుమానం ఉంటే బాగా వేడి చేయండి, క్రిములన్నీ చస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టిందైతే నాలుగు రోజులైనా ఏమీ కాదు. ముసలివాళ్లకు ఇదే మంచి ఆహారం."

పైన ఉన్నది నాకు వచ్చిన ఒక మెసేజ్. అందులోని ఒక్కో మాటకూ మా ఇంట్లో జరిగిందే జవాబు. మా అమ్మకు 72 ఏళ్లు. కీళ్లవాతానికి రోజూ ప్రెడ్నిసొలోన్, వారానికొకసారి మెథోట్రెక్సేట్ వాడుతోంది. రెండూ ఇమ్యూనిటీని తగ్గించే మందులే. పోయిన మే నెలలో ఒక రోజు రాత్రి 8.30కి వండిన అన్నం సగం తపేలా మిగిలింది. మూతపెట్టి గట్టు మీదే వదిలేశాం. తిరుపతిలో మే నెలంటే రాత్రి కూడా వంటిల్లు ఉడుకుతూనే ఉంటుంది. పొద్దున నేను పారేయబోతే, "పారేయబాకమ్మా, చిత్రాన్నం కలుపుతా" అంది అమ్మ. పోపు పెట్టి, పొగలొచ్చేదాకా అన్నం వేయించి, నిమ్మకాయ పిండింది. ఏ వాసనా లేదు, రుచి కూడా బాగుంది. 8.30కి అందరం తిన్నాం. 11 కాకముందే అమ్మకు వాంతులు మొదలయ్యాయి. మా అబ్బాయి ఒకసారి కక్కుకుని మధ్యాహ్నానికి లేచి తిరిగాడు. నాకు కాస్త కడుపులో తిప్పింది, అంతే. అమ్మకు మాత్రం రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

వేడి చేయడం గురించి ముందు చెప్తాను. ఎక్కువమంది నమ్మేది దాన్నే, మమ్మల్ని దెబ్బతీసిందీ అదే. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గింజల్లాంటి రూపంలో దాగి ఉంటుంది. వాటిని స్పోర్లు అంటారు. అన్నం ఉడికినా అవి చావవు. ఉడికిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని విడుస్తాయి. పొద్దున వేయిస్తే బ్యాక్టీరియా చావొచ్చు. అది రాత్రంతా విడిచిన విషం మాత్రం మన పొయ్యి వేడికి విరగదు. నిమ్మకాయ పులుపుకూ పోదు. ఈ విషంతో వాంతులు తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వస్తాయి. మా అమ్మకు రెండున్నర గంటలు పట్టింది. మేం ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు కానీ, తిన్న పదార్థం, పట్టిన టైం రెండూ దీనికే సరిపోయాయి.

అలాగని వేడి చేయడం దండగ అనడం లేదు. ఆదివారం పెద్ద గిన్నెలో చేసిన వేటకూర, కోడికూర, చిక్కటి పప్పు నిదానంగా చల్లారేటప్పుడు క్లాస్ట్రిడియం అనే ఇంకో బ్యాక్టీరియా పెరుగుతుంది. గిన్నె నడిమధ్య గంటల తరబడి వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడే దానికి అనుకూలం. కూర మొత్తం తెర్లేలా కాగిస్తే అది చస్తుంది. పైపైన వెచ్చచేసి తింటే మాత్రం అది బతికుండగానే కడుపులోకి పోయి, ఆరు నుంచి 24 గంటల్లో విరేచనాలు పట్టుకుంటాయి. కూరను వేడి కాపాడవచ్చు, బయట నిలవున్న అన్నాన్ని కాపాడలేదు.

ఇక వాసన. కూరను పులియబెట్టి వాసన తెచ్చే క్రిములు వేరు, జబ్బు తెచ్చేవి వేరు. కొన్నిసార్లు రెండూ కలిసి పెరుగుతాయి, కొన్నిసార్లు రెండోది ఒక్కటే. అన్నం జిగటగా ఉన్నా, తీగలు సాగినా పారేయాల్సిందే. అలా లేదు కాబట్టి మంచిదే అనుకోవడానికి మాత్రం లేదు.

చద్దన్నం మాటకొస్తే, మా అవ్వ చేసిన సద్ది నాకు బాగా గుర్తు. వేడి తగ్గిన అన్నంలోనో సంగటిలోనో నీళ్లు పోసి, నిన్నటి పుల్లమజ్జిగ కలిపి కుండలో పెట్టేది. తెల్లారేసరికి పుల్లగా అయ్యేది. ఆ పులుపే చెడు బ్యాక్టీరియాను అణచేది. మజ్జిగ చుక్క లేకుండా మూతపెట్టి వదిలేసిన పొడి అన్నం చద్దన్నం కాదు, నిలవున్న అన్నం. పైగా మా అవ్వ స్టెరాయిడ్ మింగలేదు, పొద్దంతా చేనులో పని చేసింది. ఆ రోజుల్లో ఎవరికైనా వాంతులైతే దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పేసేవారు, రాత్రి అన్నాన్ని ఎవరూ అనుమానించలేదు. సరిగ్గా పులిసిందో లేదో ఇంట్లో కొలిచే దారి లేదు కాబట్టి, ఇప్పుడు అమ్మకు మాత్రం నేను సద్ది కూడా పెట్టడం లేదు.

ఫ్రిజ్ క్రిముల పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. అది కూడా లోపల 4 డిగ్రీలు ఉంటేనే. ఆసుపత్రి నుంచి వచ్చాక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి మా ఫ్రిజ్‌లో రాత్రంతా పెడితే, పొద్దునకు 9 చూపించింది. డోరు రబ్బరు వదులైంది! అది మార్పించాను. 4 డిగ్రీల దగ్గర కూడా లిస్టీరియా అనే బ్యాక్టీరియా నిదానంగా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను అది పెద్దగా పట్టించుకోదు, ఇమ్యూనిటీ తక్కువున్న పెద్దవాళ్లలో రక్తానికీ మెదడుకూ ఎక్కగలదు. అందుకే మూడు నాలుగు రోజుల లెక్క ఆరోగ్యవంతులకు సరే గానీ అమ్మకు సరిపోదు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నానికి లెక్క ఇది. దించిన గంటలోపు వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. 24 గంటలు దాటితే అమ్మకు పెట్టను, వేడి చేసేది ఒక్కసారే. కూరలు, పప్పు మామూలుగా రెండు గంటలకు మించి బయట ఉండవు, ఎండాకాలం గంటే. ఫ్రిజ్‌లో పెట్టినవి మరుసటి రోజే, అదీ తెర్లించి. తిరిగి కాగించడానికి వీల్లేనివాటికి ఇంకా గట్టి హద్దు పెట్టుకున్నాను. కొబ్బరి చట్నీ, పెరుగుపచ్చడి, కోసిన బొప్పాయి, పుచ్చకాయ ఆ పూటకే. పచ్చి మొలకలు అసలు వద్దు. అవి మొలకెత్తే వెచ్చటి తేమలోనే క్రిములూ పెరుగుతాయి. కరెంటు నాలుగు గంటలకు మించి పోతే, ఫ్రిజ్ తలుపు తీయకపోయినా లోపలి కూర, అన్నం అమ్మకు పెట్టం. పులిహోరలో పులుపు మొదటి నుంచీ ఉంటుంది కాబట్టి కాస్త మేలు, అయినా ఆమెకు అదీ వేడన్నంతో కలిపిందే.

మెసేజ్‌లో చివరి మాట చదివినప్పుడే నాకు ఎక్కువ బాధ కలిగింది. ముసలివాళ్లలో చాలామంది పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకుంటారు. కడుపులో యాసిడ్ తగ్గితే క్రిములకు అడ్డం తగ్గినట్టే. స్టెరాయిడ్ వాడేవాళ్లకు లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. నెలల తరబడి రోజూ స్టెరాయిడ్ వాడేవాళ్ల ఒంట్లో సొంత హార్మోన్ తయారీ తగ్గిపోయి ఉంటుంది. వాంతిలో ఆ మాత్ర పోతే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ రోజు అమ్మ 9కి వేసుకున్న మాత్ర నిలిచిందో లేదో తెలియదని చెప్పగానే డాక్టరు ముందు స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయించి, తర్వాతే మిగతావి అడిగారు. ఒళ్లు ఎండిపోతే మెథోట్రెక్సేట్ కూడా కిడ్నీల నుంచి సరిగా బయటికి పోదు కాబట్టి, ఆ వారం డోసు ఆపించారు. ఇలాంటి మందులున్న ఇంట్లో పెద్దవాళ్లకు వాంతులైతే సాయంత్రం దాకా చూడకుండా మందుల చీటీ పట్టుకుని బయలుదేరండి.

ఇప్పుడు ఫ్రిజ్‌లో ప్రతి గిన్నె మూత మీద టేపు అంటించి, టైం రాస్తున్నాం. కళ్లజోడు పెట్టుకుని అమ్మే చదువుతుంది. నిన్న మధ్యాహ్నం ఒక డబ్బా తీసి, "ఇది దాటిపోయిందే" అని పక్కన పెట్టి, తనకు ఒక చిన్న గ్లాసు బియ్యం కడిగింది.